గుడి వాళ్ళిచ్చే ఇన్విటేషన్ లెటర్ వీసా తెప్పించదు, కానీ పోగొట్టగలదు!

"అన్నా, ఇక్కడ అమెరికాలో మా గుడికి రాజమండ్రి నుంచి ఒక ప్రవచనకర్త గారిని పిలిచాం. బోర్డు మెంబర్లందరం సంతకాలు పెట్టి రెండు పేజీల ఇన్విటేషన్ లెటర్ ఇచ్చాం. అయినా వీసా ఆఫీసరు, 214(బి) సెక్షన్ కింద వీసా ఇవ్వం అన్న కాగితం ఆయన చేతిలో పెట్టి పంపేశారు. లెటర్ ఇంకెంత బలంగా రాయాలి?"

బలం సంగతి తర్వాత, తమ్ముడూ. ముందు ఒక్క మాట చెవిన వేసుకో. ఆ లెటర్ వీసా తెప్పించదు. ఎవరు రాసినా తెప్పించదు. కానీ ఉన్న వీసా అవకాశాన్ని మాత్రం అదే లెటర్ పోగొట్టగలదు. ఈ వీడియో అంతా నేను చెప్పేది ఈ ఒక్క మాటే. పది గుళ్ళ బోర్డుల దగ్గర ఇదే మాట చెప్పాను, ఎవరూ నమ్మలేదు. అందుకే ఇవాళ కెమెరా ముందు కూర్చున్నాను.

నా సొంత కవిత్వం కాదిది. అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో విజిటర్ వీసా పేజీ తెరవండి. అక్కడే రాసి ఉంటుంది. విజిటర్ వీసాకి ఆహ్వాన పత్రం అవసరం లేదు, దరఖాస్తు చేసిన మనిషికి తన దేశంలో ఉన్న ఇల్లు, బంధాలు, బాధ్యతలు చూసి నిర్ణయిస్తాం, అమెరికాలో ఉన్నవాళ్ళు ఇచ్చే హామీలు చూసి కాదు. ఎందుకంటే చట్టంలో 214(బి) సెక్షన్ మొదలయ్యేదే అనుమానంతో. వచ్చిన ప్రతి మనిషీ ఇక్కడే ఉండిపోవడానికి వచ్చాడని అనుకో, కాదని అతనే నిరూపించుకోవాలి, ఇదీ దాని సారం. మరి ఆ నిరూపణ ఎవరి దగ్గర ఉంటుంది? రాజమండ్రిలో ఉంటుంది. డాలస్‌లో మీ బోర్డు చైర్మన్ దగ్గర ఉండదు. "వారు తిరిగి వెళ్తారని మేము హామీ ఇస్తున్నాము" అని మనం రాసే ఆ వాక్యం ఉంది చూశారా, అది దండగ. కొంతమంది పైగా, ఖర్చులకి మాది పూచీ అని చెప్పే ఐ-134 ఫారం నింపి, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి, చైర్మన్ గారి ఇంటి కాగితాలు కూడా పెడతారు. చైర్మన్ గారికి ఇల్లుంటే గురువుగారు ఎందుకు తిరిగి వెళ్తారండీ?

సరే, దండగ అయితే పోనీ, పోగొట్టేది ఎలా అంటారా? నా చేతులతో పోగొట్టాను కాబట్టి చెప్తున్నాను.

కొన్నేళ్ళ కిందట మా గుడికి నేనే ఆ లెటర్ రాశాను. పేర్లు వద్దు. పెద్దాయన, అరవై దాటినవారు, రిటైరైన తెలుగు లెక్చరరు, ముప్పై ఏళ్ళుగా భాగవతం చెప్తున్నారు. నేను మొదటి పేరా అంతా బిరుదులు రాశాను. రెండో పేరాలో, వారు మా ఆలయంలో పూజాదికాలు నిర్వహించి, భక్తుల ఇళ్ళలో వ్రతాలు చేయించి, పిల్లలకు శ్లోకాలు నేర్పి, ప్రవచనాలు చెప్తారు అని రాశాను. మూడో పేరాలో, వారి సేవలకు తగిన హానరేరియం సమర్పించుకుంటాము అని రాశాను. గౌరవంగా ఉంటుందనే రాశాను! చివర్లో, ఆరు నెలల వీసా ఇప్పించమని ప్రార్థన.

ఆ ఉత్తరాన్ని ఇప్పుడు కౌంటర్‌కి అవతలి వైపు నుంచి చదవండి. పూజలు చేస్తాడు, వ్రతాలు చేయిస్తాడు, పాఠాలు చెప్తాడు, దానికి డబ్బు తీసుకుంటాడు, ఆరు నెలలు ఉంటాడు. దీన్ని ఏమంటారు? ఉద్యోగం అంటారు. ఆహ్వానం అనుకుని నేను రాసింది అపాయింట్‌మెంట్ ఆర్డరు. పెద్దాయన పాపం నేను రాసిన దానికి తగ్గట్టే జవాబులు చెప్పారు. "అక్కడ ఏం చేస్తారు?" అంటే "గుడిలో ఉంటాను, పూజలు, ప్రవచనాలు" అన్నారు. "ఖర్చులెవరివి?" అంటే "వాళ్ళే చూసుకుంటారు, ఏదో సంభావన ఇస్తారు" అన్నారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. రాత్రికి ఫోన్ చేసి ఆయనే నన్ను ఓదార్చారు. ఆ ఫోన్ నేను మర్చిపోలేదు.

ఇప్పుడు అసలు రూలు ఏం చెప్తుందో చూద్దాం, ఎందుకంటే నూటికి తొంభై మంది బోర్డు మెంబర్లు ఇది ఒక్కసారి కూడా చదవరు. కాన్సులర్ ఆఫీసర్లకి ఒక మాన్యువల్ ఉంటుంది, ఫారిన్ అఫైర్స్ మాన్యువల్ అంటారు, బహిరంగంగానే ఇంటర్నెట్‌లో ఉంది. దాంట్లో విజిటర్ వీసాల్లో ఒక రకమైన బీ-1 మీద మతపరమైన పని కోసం రాగలిగినవాళ్ళ గురించి విడిగా రాశారు. మనకి పనికొచ్చేవి రెండు దారులు. మొదటిది, మత బోధకుడు ఊరూరా తిరుగుతూ బోధించే పర్యటన. ఏ ఒక్క చోటా ఉద్యోగంలో చేరకూడదు, ఆయా సభల్లో జనం ఇచ్చే కానుకల మీద గడుపుకోవచ్చు. రెండోది, ఒక మత సంప్రదాయానికి చెందిన మనిషి ఆ సంప్రదాయం తరఫున కొద్దికాలం వచ్చి చేసే సేవ. మత బోధ కూడా దీంట్లోకి వస్తుంది. కానీ ఇక్కడ అమెరికా నుంచి జీతం, పారితోషికం ఏమీ ఉండకూడదు, ఉండే నాళ్ళకి అయ్యే ఖర్చులు తప్ప. వస్తువులు అమ్మకూడదు, విరాళాలు అడగకూడదు, పుచ్చుకోకూడదు. ఇంకో ముక్క కూడా ఉంది, అది మనకే రాసినట్టుంటుంది. ఈ సేవ పేరు చెప్పి, కూలి ఇచ్చి చేయించుకోవాల్సిన మామూలు పనికి ఈ మనిషిని బదులుగా వాడుకోకూడదు.

తేడా గమనించారా? ఒక దారిలో సభలో వచ్చిన కానుక తీసుకోవచ్చు. ఇంకో దారిలో పళ్ళెంలో పడిన దక్షిణ కూడా తాకకూడదు. మనవాళ్ళు ఏం చేస్తారంటే ఆ రెండూ కలిపి కలగూరగంప చేస్తారు. ఒకే గుడిలో ఆరు వారాలు ఉంటారని ఒక పేరాలో, భక్తులిచ్చే సంభావన స్వీకరిస్తారని ఇంకో పేరాలో రాస్తారు. పైగా మన ప్రవచనకర్తల్లో చాలామంది గృహస్థులు, రిటైరైన పంతుళ్ళు, లెక్చరర్లు. ఏ పీఠమో నియమించిన బోధకులు కారు. మొదటి దారిలో వాళ్ళని మత బోధకుడని చూపించడమే కష్టం. అందుకే నా అభిప్రాయం గట్టిగా చెప్తున్నా, రెండో దారే పట్టండి. టికెట్టు, బస, భోజనం, ఇన్సూరెన్స్, అంతే. ఒక్క డాలరు కూడా చేతికి ఇవ్వం అని రాయండి, రాసినట్టే ఉండండి.

"అదేంటన్నా, యూనివర్సిటీలు బీ-1 మీద వచ్చినవాళ్ళకి హానరేరియం ఇస్తాయి కదా" అని కామెంట్లలో పెడతారు, నాకు తెలుసు. ఇస్తాయి. దానికి 1998లో చేసిన చట్టం ఉంది. ఒక చోట 9 రోజులకి మించకూడదు, ఆరు నెలల్లో 5 సంస్థలకి మించి తీసుకోకూడదు. కానీ అది యూనివర్సిటీలకి, వాటి అనుబంధ సంస్థలకి, పరిశోధన సంస్థలకి ఇచ్చిన వెసులుబాటు. గుడికి ఇవ్వలేదు. ఎవరో ప్రొఫెసర్ గారికి వచ్చిన ఇన్విటేషన్ లెటర్ ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంది, మన గుళ్ళన్నీ అందులో పేర్లు మార్చి వాడతాయి. నేను వాడింది కూడా అలాంటిదే. హానరేరియం అనే మాట మా లెటర్లోకి అలాగే వచ్చింది.

ఇక్కడ ఒక పక్కదారి పడతాను, ఏమనుకోకండి. అవధానం సంగతి. అష్టావధాని గారిని పిలిచి, హాలు మాట్లాడి, టికెట్టు పెట్టి, చివర్లో ఆయనకి కవరు ఇస్తారు. లెటర్లో మాత్రం ఆధ్యాత్మిక ప్రసంగం అని రాస్తారు. ఎందుకండీ ఆ అబద్ధం? డబ్బు ఇచ్చి చేయించే కళకి వేరే వీసా ఉంది, పీ-3 అని, ఒక జాతి ప్రత్యేక సంప్రదాయ కళల వాళ్ళ కోసం. దానికి ముందు ఇక్కడి నుంచి పిటిషన్ వేయాలి, ఖర్చవుతుంది, నెలలు పడుతుంది. నిజమే. హరికథ చెప్పే భాగవతారుకైనా, అవధానికైనా, కూచిపూడి గురువుకైనా డబ్బు ఇచ్చే ఉద్దేశం ఉంటే ఆ ఖర్చు పెట్టండి. మన పండితుడికి న్యాయంగా నూట పదహార్లు ఇచ్చే దారి ఉండగా దొంగచాటు కవరు ఎందుకు?

అసలు నా కోపమంతా ఇక్కడే ఉంది, దాచుకోను. చాలా గుళ్ళకి కావాల్సింది గురువు కాదు, అర్చకుడు. ఉన్న పూజారి గారు వేసవిలో ఇండియా వెళ్తున్నారు, ఆ రెండు నెలలు అభిషేకాలు ఎవరు చేస్తారు? "ప్రవచనానికి అని పిలుద్దాం, ఉన్నన్నాళ్ళు పూజలు కూడా చేసిపెడతారు" అంటారు. నేను ఈ మాట నా చెవులతో విన్నాను. అర్చకుడు కావాలంటే, మతపరమైన ఉద్యోగాల్లో పనిచేసేవాళ్ళకి ఆర్-1 వీసా ఉంది. గుడి ఐ-129 పిటిషన్ వేయాలి, తన పన్ను మినహాయింపు రుజువు చూపించాలి. వచ్చే మనిషి అంతకుముందు కనీసం 2 ఏళ్ళు ఆ సంప్రదాయంలో ఉండి ఉండాలి. వారానికి సగటున కనీసం 20 గంటల పని. మొదట 30 నెలల దాకా ఇస్తారు, మొత్తం 5 ఏళ్ళ దాకా ఉండొచ్చు. గుడికి వచ్చి తనిఖీ కూడా చేయొచ్చు. ఇదంతా తప్పించుకోవడానికి ఒక పెద్దమనిషిని బీ-1 మీద దింపి, అభిషేకం చేయించి, ఎయిర్‌పోర్టులో దొరికితే మాకేం తెలియదంటారా? అక్కడికక్కడే వెనక్కి పంపే ఉత్తర్వు రాస్తే 5 ఏళ్ళు ఇటువైపు చూడటానికి లేదు. కావాలని అబద్ధం చెప్పి వీసా తీసుకున్నారని తేలిస్తే ఆ నిషేధం జీవితాంతం. సంతకం పెట్టిన బోర్డు చైర్మన్ గారు మాత్రం మర్నాడు యథాప్రకారం ఆఫీసుకి వెళ్తారు.

సరే, కోపం పక్కన పెడతాను. పెద్దాయన సంగతి పూర్తి చేస్తాను, ఎందుకంటే రెండోసారి ఏం మార్చామో అదే మీకు కావాల్సింది.

214(బి) మీద అప్పీలు ఉండదు. మళ్ళీ కొత్తగా డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం నింపి, మళ్ళీ 185 డాలర్లు కట్టి వెళ్ళడమే. ఆ ఫారంలో, ఇంతకుముందు వీసా నిరాకరించారా అని అడుగుతారు, అవునని రాయాల్సిందే. మొదటిసారి ఫారం నింపింది ట్రావెల్ ఏజెంటు. ఖర్చు ఎవరిది అన్నచోట స్వయంగా అని పెట్టాడు. మా లెటర్లో గుడిది అని ఉంది. అమెరికాలో ఎవరిని కలుస్తారు అన్నచోట మేనల్లుడి పేరు పెట్టాడు. మా లెటర్లో చైర్మన్ పేరు. ఆఫీసరు లెటర్ చేతిలోకి తీసుకోకపోవచ్చు, కానీ ఫారం మాత్రం ఆయన ఎదురుగా స్క్రీన్ మీద ఉంటుంది. ఒకవేళ లెటర్ అడిగి చూస్తే, రెండూ రెండు కథలు చెప్తాయి. అందుకని ఈసారి లెటర్ ముందు తయారు చేసి, దాన్ని పక్కన పెట్టుకుని ఫారం నింపాం. గుడి పేరు, ఖర్చు పెట్టేవాళ్ళు, తేదీలు, బస చేసే ఇంటి అడ్రసు, అన్నీ అక్షరం తేడా లేకుండా ఒకటే.

లెటర్ ఒకే పేజీ. బిరుదులు లేవు. ఇంగ్లీషులో రాశాం, ఇక్కడ తెలుగులో చెప్తున్నా. మొదటి వాక్యంలో ఆయన పాస్‌పోర్టులో ఉన్న పేరు, పుట్టిన తేదీ, రాజమండ్రి ఇంటి అడ్రసు. రెండో వాక్యంలో జూన్ 12న వచ్చి జూలై 24న తిరిగి వెళ్తారు, 42 రోజులు. ఆ తర్వాత మూడు చోట్ల మూడు భాగవత సప్తాహాలు, ఒక్కోటి 7 రోజులు, సాయంత్రం 7 నుంచి 9 దాకా, ఏ తేదీ నుంచి ఏ తేదీ, ఏ గుడి, ఏ అడ్రసు. మధ్యలో ఖాళీ రోజులు ఉన్నాయి కదా, అవి కూడా దాచలేదు, ఫలానా ఊళ్ళో మేనల్లుడి ఇంట్లో ఉంటారు అని రాశాం. ఖాళీ రోజులు వదిలేస్తే ఆ రోజుల్లో ఏం పని చేస్తాడో అని అనుమానం వస్తుంది. పెద్దాయనకి నలభై రెండు రోజుల్లో నలభై రెండు సభలు పెట్టకండి, అరవై దాటిన మనిషి, గొంతు కూడా ఉండాలి.

తర్వాతి పేరా నాకు ప్రాణం. ఆయన ఏం చేయరో రాశాం. మా గుడిలో నిత్య పూజలు మా అర్చకులే చేస్తారు, వీరు పూజలు, వ్రతాలు, ఏ ఇతర పనీ చేయరు. జీతం, పారితోషికం, హానరేరియం, కానుక ఏ రూపంలోనూ ఇవ్వం. ప్రవేశానికి టికెట్టు లేదు. సభల్లో హుండీలో పడింది గుడికే చెందుతుంది. వారు పుస్తకాలు, సీడీలు అమ్మరు. రానుపోను టికెట్టు, స్థానిక ప్రయాణం, ఆరోగ్య బీమా మేం భరిస్తాం. కింద సంతకం చేసినవారి పేరు, ఫోను, గుడి పన్ను గుర్తింపు సంఖ్య. వెనక గుడికి పన్ను మినహాయింపు ఉందని చెప్పే 501(సి)(3) గుర్తింపు లెటర్ కాపీ. ఇంతే. తిరిగి వెళ్తారని హామీ ఒక్క ముక్క కూడా రాయలేదు.

తిరిగి వెళ్తారన్న సంగతి ఆయన సంచిలో పెట్టాం. పెన్షను కాగితం, ఇంటి పన్ను రసీదు, దసరా నవరాత్రులకి వాళ్ళ ఊళ్ళో తొమ్మిది రోజులూ ప్రవచనం చెప్తానని ఒప్పుకున్న ఉత్తరం. ఈ మూడో కాగితం ఎవరికీ తట్టదు. గురువుగారికి ఏడాది పొడుగునా ఒప్పుకున్న కార్యక్రమాలు ఉంటాయి, కానీ అన్నీ నోటిమాట మీద నడుస్తాయి, కాగితం ఉండదు. రాయించుకోండి. ఆ ఊరి కమిటీ వాళ్ళ చేత తేదీలతో రెండు లైన్లు రాయించుకోండి. మీ బోర్డు మెంబర్ల సంతకాలన్నీ కలిపినా ఆ రెండు లైన్లకి సాటి రావు.

ఇక ఇంటర్వ్యూ. హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడొచ్చు, ముందే అడగండి. వచ్చీరాని ఇంగ్లీషులో పెద్దాయన్ని ఇబ్బంది పెట్టకండి. ఆయనకి మేం చెప్పింది ఒకటే, లెటర్ మీరు చదవండి, అందులో ఉన్నది మాకు అప్పజెప్పండి. మొదటిసారి ఆయన ఆ లెటర్ చదవనేలేదు! కవరులో పెట్టి అంటించి పంపాం, భద్రంగా అలాగే తీసుకెళ్ళారు. రెండోసారి "ఏం చేస్తారు?" అంటే "మూడు ఊళ్ళలో వారం వారం భాగవతం చెప్తాను, నాకు డబ్బు ఇవ్వరు, దసరాకి మా ఊళ్ళో చెప్పాలి" అన్నారట. లెటర్ చూపించమని అడగనే లేదట. వీసా వచ్చింది.

చూశారా? లెటర్ అడగనే లేదు. కానీ ఆ లెటర్ రాయడంలో మేం తేల్చుకున్న విషయాలే ఆయన నోట వచ్చాయి. నా నమ్మకం ఇదే, మీరు ఒప్పుకున్నా లేకపోయినా సరే. ఆ కాగితం ముందు చదవాల్సింది ఆఫీసరు కాదు, గురువుగారు.

రెండోసారి చదివేవాళ్ళు మాత్రం ఉన్నారు. విమానం దిగాక ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర. వీసా పదేళ్ళకి ఉన్నా, ఎన్నాళ్ళు ఉండొచ్చో రాసేది అక్కడే, ఐ-94 అనే రాకపోకల రికార్డులో. ఆ తేదీ దాటి ఒక్క రోజు ఉండకూడదు. లెటర్ కాపీ చేతి సంచిలో ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. ఇంకొకటి, ఆ కౌంటర్ వాళ్ళు కావాలంటే గుడి వెబ్‌సైట్ తెరిచి చూడగలరు. అక్కడ మీ యూత్ కమిటీ చేసిన ఫ్లయర్ ఉంటుంది. గురువుగారి ఫోటో, కింద "వారి స్వహస్తాలతో సత్యనారాయణ వ్రతం, కుటుంబానికి 116 డాలర్లు" అని. లెటర్లో పూజలు చేయరని రాసి, ఫ్లయర్లో వ్రతం వేస్తే, ఆ పెద్దాయన అక్కడ నిలబడి ఏం జవాబు చెప్పాలి? ధర ఒక్కటీ చెరిపేసి వ్రతం ఉంచుతాం అనకండి. వ్రతమే తీసేయండి, మీ అర్చకుల చేత చేయించుకోండి.

తమ్ముడూ, నీ లెటర్ కాపీ ఉంది కదా. ఇవాళ రాత్రి కూర్చుని, అందులో డబ్బు మాట ఎక్కడుందో, పూజ మాట ఎక్కడుందో గీత గీయి. ఏజెంటు నింపిన డీఎస్-160 కాపీ కూడా తెప్పించి పక్కన పెట్టుకో. ఆ తర్వాత రాజమండ్రికి ఫోన్ చేసి, దసరాకి ఆయన ఎక్కడ ఒప్పుకున్నారో అడుగు.